యూనిట్ - 11 : ఈఆర్‌పీ అమలు ఆలస్యమైనప్పుడు బోర్డుకు రాసే లేఖ

విషయ క్రమం

11.0 లక్ష్యాలు
11.1 విషయ పరిచయం
11.2 గో-లైవ్ తేదీ ఎందుకు తప్పుతుంది?
11.3 హెర్షీ సంస్థ అనుభవం
11.4 ఉదాహరణ: మందుల పంపిణీ సంస్థ
11.5 నమూనా లేఖ
11.6 లేఖ పరిశీలన
11.7 సారాంశం
11.8 ముఖ్య పదాలు
11.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

- ఈఆర్‌పీ గో-లైవ్ ఆలస్యానికి దారితీసే ముఖ్య కారణాన్ని అంకెలతో వివరించగలుగుతారు.
- కొత్త తేదీని వ్యాపార క్యాలెండర్‌ను బట్టి ఎలా నిర్ణయించాలో చెప్పగలుగుతారు.
- డైరెక్టర్ల బోర్డు నిర్ణయం తీసుకోవడానికి వీలుగా ఆలస్యాన్ని తెలిపే లేఖను రాయగలుగుతారు.

11.1 విషయ పరిచయం

ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్‌ను క్లుప్తంగా ఈఆర్‌పీ అంటారని కిందటి యూనిట్‌లో చదివారు. కొనుగోళ్లు, సరుకు నిల్వ, అమ్మకాలు, ఖాతాలు వేర్వేరు పుస్తకాలలో, వేర్వేరు సాఫ్ట్‌వేర్‌లలో కాకుండా ఒకే వ్యవస్థలో నడవడం దీని ఉద్దేశం. పాత వ్యవస్థను ఆపి కొత్త వ్యవస్థలో మొదటి బిల్లు వేసే రోజును గో-లైవ్ అంటారు.

ఆ రోజు వాయిదా పడబోతోందని తెలిసినప్పుడు ప్రాజెక్టు మేనేజరు బోర్డుకు లేఖ రాయాలి. కంపెనీల చట్టం, 2013లోని 173వ సెక్షన్ ప్రకారం సాధారణంగా కంపెనీ బోర్డు ఏడాదికి కనీసం నాలుగుసార్లు సమావేశం కావాలి. రెండు సమావేశాల మధ్య 120 రోజులకు మించి వ్యవధి ఉండకూడదు. అంటే డైరెక్టర్లు ప్రాజెక్టును రోజూ చూసేవారు కారు. కిందటి సమావేశంలో విన్న తేదీ, ఆమోదించిన మొత్తం మాత్రమే వారికి గుర్తుంటాయి. అందువల్ల లేఖ చదివితే చాలు, మరెవరినీ అడగకుండా వారు నిర్ణయం తీసుకోగలగాలి. అలాంటి లేఖలో ఏమి ఉండాలో ఒక ఉదాహరణ ద్వారా తెలుసుకుందాం.

11.2 గో-లైవ్ తేదీ ఎందుకు తప్పుతుంది?

సాఫ్ట్‌వేర్ తయారు కాలేదన్నది చాలామంది మొదట ఊహించే కారణం. చాలా ప్రాజెక్టులలో సాఫ్ట్‌వేర్ సిద్ధంగానే ఉంటుంది. అందులోకి వెళ్లాల్సిన పాత సమాచారం సిద్ధంగా ఉండదు. వస్తువుల జాబితా, ఖాతాదారుల జాబితా, ఒక్కొక్కరి నుండి రావాల్సిన బాకీ, గోడౌన్‌లో ఉన్న నిల్వ అన్నీ పాత వ్యవస్థ నుండి కొత్తదానికి మారాలి. ఈ మార్పును డేటా మైగ్రేషన్ అంటారు.

గో-లైవ్‌కు ముందు ఈ మార్పును కొన్నిసార్లు ప్రయోగాత్మకంగా చేసి చూస్తారు. దీనిని మాక్ లోడ్ అంటారు. మాక్ లోడ్ పూర్తయ్యాక పాత వ్యవస్థలోని నిల్వ విలువను, కొత్త వ్యవస్థలోని నిల్వ విలువను పక్కపక్కన పెట్టి చూస్తారు. బ్యాంకు పాస్‌బుక్కును మన క్యాష్ బుక్కుతో సరిచూసినట్లే ఇదీ ఒక సరిపోలిక. రెండింటి మధ్య తేడా ఎంత ఉందో, ఆ తేడాకు కారణం తెలుసో లేదో చూస్తే వ్యవస్థ సిద్ధంగా ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది.

"పని 90 శాతం పూర్తయింది" అనే మాట ఈ విషయాన్ని చెప్పదు. పూర్తయిన పనుల పట్టికలో పదింటికి తొమ్మిదింటిపై టిక్కు పెట్టి ఉండవచ్చు. మిగిలిన ఆ ఒక్క పని నిల్వ సరిపోలికే అయితే కంపెనీ మొదటి రోజు బిల్లు వేయలేదు.

11.3 హెర్షీ సంస్థ అనుభవం

అమెరికాలోని చాక్లెట్ల తయారీ సంస్థ హెర్షీ 1990ల చివర్లో సుమారు 11.2 కోట్ల డాలర్ల ఖర్చుతో కొత్త వ్యవస్థను చేపట్టింది. శాప్ సంస్థ ఆర్/3 సాఫ్ట్‌వేర్‌తో పాటు మరో రెండు సంస్థల సాఫ్ట్‌వేర్‌లు అందులో భాగం. నాలుగేళ్లు పట్టే పనిని 30 నెలలకు కుదించారు. 1999 ఏప్రిల్‌లో మొదలు కావాల్సిన వ్యవస్థ జూలైకి జరిగింది.

మూడు నెలల వాయిదా పెద్దది కాదు. అయితే ఆ మూడు నెలలు దాటేసరికి, అక్టోబరు చివర్లో వచ్చే హాలోవీన్ పండుగకు దుకాణాల నుండి ఆర్డర్లు రావడం మొదలైంది. చాక్లెట్లకు అక్కడ అదే పెద్ద సీజను. గోడౌన్‌లలో సరుకు ఉన్నా కొత్త వ్యవస్థ ద్వారా ఆర్డర్లను సకాలంలో పంపలేకపోయారు. సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు అందించలేకపోయినట్లు, ఆ మూడు నెలల లాభం కిందటి ఏడాదితో పోలిస్తే 19 శాతం తగ్గినట్లు నమోదైంది.

దీని నుండి లేఖ రాసేవారు గ్రహించాల్సిన విషయం ఒకటుంది. తేదీ తప్పడం ఒక నష్టం. తప్పిన తేదీకి బదులుగా ఎంచుకున్న తేదీ సీజనులో పడితే కలిగే నష్టం అంతకంటే ఎన్నో రెట్లు పెద్దది.

11.4 ఉదాహరణ: మందుల పంపిణీ సంస్థ

నాలుగు గోడౌన్‌ల నుండి మందుల దుకాణాలకు సరుకు పంపే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీని ఊహించుకోండి. ఈఆర్‌పీకి బోర్డు 1.60 కోట్ల రూపాయలు ఆమోదించింది. ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ఏప్రిల్ 1న గో-లైవ్ అని నిర్ణయించారు. మొదటి రెండు మాక్ లోడ్‌లు ప్రణాళిక ప్రకారం ఒకే గోడౌన్ సమాచారంతో జరిగాయి. నాలుగు గోడౌన్‌ల సమాచారంతో మూడవది మార్చి రెండవ వారంలో జరిగింది. పాత వ్యవస్థలో నిల్వ విలువ 18.40 కోట్లు ఉండగా కొత్త వ్యవస్థలో 17.86 కోట్లు వచ్చింది. తేడా 54 లక్షలు, అంటే సుమారు 2.9 శాతం. అనుమతించిన తేడా 0.1 శాతం, అంటే 1.84 లక్షలు మాత్రమే.

ఈ తేడాలో పెద్ద భాగం ఎలా వచ్చిందో చూడండి. ఒక గోడౌన్‌లో మాత్రలను స్ట్రిప్పులలో, మరొకదానిలో పెట్టెలలో లెక్కిస్తున్నారు. పెట్టెకు 10 స్ట్రిప్పులు. కొత్త వ్యవస్థ అన్నింటినీ స్ట్రిప్పులుగానే తీసుకుంది. ఒక మందు 40 పెట్టెలు ఉందనుకోండి. స్ట్రిప్పు ధర 25 రూపాయలైతే దాని అసలు విలువ 400 × 25 = 10,000 రూపాయలు. కొత్త వ్యవస్థలో అది 40 × 25 = 1,000 రూపాయలుగా కనిపిస్తుంది. ఇలా 212 వస్తువులలో జరిగింది. ఈ స్థితిలో గో-లైవ్ చేస్తే గోడౌన్‌లో మందు ఉన్నా, నిల్వ లేదని వ్యవస్థ బిల్లును ఆపేస్తుంది.

11.5 నమూనా లేఖ

ప్రాజెక్టు మేనేజరు రాసిన లేఖను కింద చదవండి. కంపెనీలలో ఇలాంటి లేఖలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. విషయాన్ని అమర్చే తీరు మాత్రం ఏ భాషలోనైనా ఒకటే.

తేదీ: మార్చి 18

గౌరవనీయులైన ఛైర్మన్ గారికి, బోర్డు సభ్యులకు,

విషయం: ఈఆర్‌పీ గో-లైవ్‌ను ఏప్రిల్ 1 నుండి జూన్ 1కి మార్చడం, అదనంగా 22 లక్షల రూపాయల ఆమోదం గురించి.

ఏప్రిల్ 1న కొత్త వ్యవస్థకు మారడం సాధ్యం కాదు. జూన్ 1న మారాలని ప్రతిపాదిస్తున్నాను. ఇందుకు 22 లక్షల రూపాయలు అదనంగా అవసరం. మార్చి 24 సమావేశంలో ఈ రెండింటిపై, ఈ లేఖ చివర పేర్కొన్న మరో రెండు అంశాలపై బోర్డు నిర్ణయం కోరుతున్నాను.

కారణం: నాలుగు గోడౌన్‌ల నిల్వను మొదటిసారి కలిపి చేసిన మూడవ మాక్ లోడ్‌లో 54 లక్షల తేడా వచ్చింది. ఇందులో 31 లక్షలు 212 వస్తువుల లెక్కింపు కొలత తేడా వల్ల వచ్చింది. 19 లక్షల విలువైన 340 బ్యాచ్‌లకు పాత వ్యవస్థలో ఎక్స్‌పైరీ తేదీ లేదు. తేదీ లేని బ్యాచ్‌ను కొత్త వ్యవస్థ తీసుకోదు. మిగిలిన 4 లక్షలకు కారణం ఇంకా తెలియలేదు. ఆ పరిశీలన ఏప్రిల్ 20 లోపు పూర్తవుతుంది.

పరీక్షల స్థితి: మొత్తం 120 పరీక్షలలో 97 నెగ్గాయి, 14 విఫలమయ్యాయి, 9 ఇంకా జరగలేదు. విఫలమైన వాటిలో 3 తీవ్రమైనవి. ఆ మూడూ దుకాణాలు గడువు తీరిన మందులను తిరిగి పంపే లావాదేవీలే. కొత్త వ్యవస్థ క్రెడిట్ నోట్‌ను అసలు బిల్లు ధరకు కాకుండా నేటి ధరకు ఇస్తోంది.

పరిశీలించిన తేదీలు: మే 1 నాటికి మరో పూర్తి మాక్ లోడ్ చేయవచ్చు, కానీ మార్పు మొత్తానికి రిహార్సల్ చేసే వ్యవధి ఉండదు. పైగా ఏప్రిల్‌లో మన ఖాతాల సిబ్బంది వార్షిక ఆడిట్‌లో ఉంటారు. జూలై 1 త్రైమాసికం ఆరంభం కాబట్టి ఖాతాలకు అనుకూలం. అయితే వానలతో జ్వరాల మందులకు ఆర్డర్లు పెరిగే కాలం అప్పుడే మొదలవుతుంది. జూన్ 1 అయితే ఆ రద్దీకి ముందు నాలుగు వారాలు కొత్త వ్యవస్థలో పనిచేసి లోపాలు సరిచేసుకోవచ్చు.

మూడు తనిఖీలు:

1. ఏప్రిల్ 20: 212 వస్తువుల కొలతలు, 340 బ్యాచ్‌ల తేదీలను గోడౌన్‌లో సరుకు చూసి సరిచేయాలి. ప్రతి గోడౌన్ మేనేజరు సంతకం చేయాలి.
2. మే 4: నాలుగవ మాక్ లోడ్. మొత్తం విలువలో తేడా 0.1 శాతానికి మించకూడదు.
3. మే 22: పూర్తి రిహార్సల్. సరుకు పంపకం ఆపిన 48 గంటలలోపు మార్పు ముగియాలి. 120 పరీక్షలూ జరగాలి, తీవ్రమైన వైఫల్యం ఒక్కటీ ఉండకూడదు.

మూడవ తనిఖీలో నెగ్గకపోతే జూన్ 1న మారవద్దని, జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలలను వదిలి అక్టోబరు 1కి వెళ్లాలని నా సిఫార్సు. అలా జరిగితే అదనపు ఖర్చు అంచనాను మే 25 లోపు సమర్పిస్తాను.

ఖర్చు: సాఫ్ట్‌వేర్ అమలు సంస్థ బృందానికి నెలకు 9 లక్షల చొప్పున రెండు నెలలకు 18 లక్షలు, పాత సాఫ్ట్‌వేర్ నిర్వహణ పొడిగింపునకు 1.5 లక్షలు, సమాచారాన్ని సరిచేసే తాత్కాలిక సిబ్బందికి 2.5 లక్షలు. మొత్తం 22 లక్షలు. ఆమోదిత మొత్తం 1.60 కోట్ల నుండి 1.82 కోట్లకు చేరుతుంది.

ఏడాది మధ్యలో మారడం వల్ల వచ్చే పని: ఏప్రిల్, మే లావాదేవీలు పాత వ్యవస్థలో ఉంటాయి. మే నెల జీఎస్టీ రిటర్నులు జూన్‌లో వేయాలి కాబట్టి పాత వ్యవస్థను చూడటానికి మాత్రమే వీలుగా ఉంచుతాం. ఏడాది చివర రెండు వ్యవస్థల ఖాతాలను కలపాలి. కొత్త వ్యవస్థలో బిల్లులకు వేరే సీరీస్ వాడతాం.

బోర్డును కోరుతున్న నిర్ణయాలు: (1) జూన్ 1 తేదీకి ఆమోదం. (2) 22 లక్షల అదనపు మొత్తం. (3) ప్రతి గోడౌన్ నుండి సరుకు తెలిసిన ఒక ఉద్యోగిని ఆరు వారాలు పూర్తిగా ఈ పనికి కేటాయించడం. (4) మే 22 ఫలితాన్ని బట్టి ముందుకు వెళ్లాలా, ఆగాలా అనే నిర్ణయాధికారాన్ని మేనేజింగ్ డైరెక్టరుకు అప్పగించడం.

భవదీయ,
ప్రాజెక్టు మేనేజరు

11.6 లేఖ పరిశీలన

*11.6.1 మొదటి పేరా*

మొదటి పేరాలోనే పాత తేదీ సాధ్యం కాదన్న మాట, కొత్త తేదీ, మొత్తం, ఎప్పటికి నిర్ణయం కావాలన్నది ఉన్నాయి. ఇప్పటిదాకా జరిగిన మంచి పనులను ముందు రెండు పేజీలలో చెప్పి, వాయిదా సంగతిని మూడవ పేజీలో పెట్టే లేఖలు చాలా ఉంటాయి. వాటిని చదివిన డైరెక్టరు ఏప్రిల్ 1 ఇంకా ఖాయమేనన్న అభిప్రాయంతో సమావేశానికి రావచ్చు.

*11.6.2 కారణం చెప్పిన తీరు*

"సమాచార నాణ్యతలో సమస్యలు" అని రాసి ఊరుకోలేదు. 54 లక్షలను 31, 19, 4 లక్షలుగా విడగొట్టారు. ఈ విభజన వల్ల బోర్డుకు రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది, 50 లక్షల తేడాకు కారణం తెలుసు, దానిని సరిచేసే పని ఎంతో లెక్కగట్టవచ్చు. రెండవది, 4 లక్షలకు కారణం తెలియదు. తెలియని భాగం చిన్నదైనా అనుమతించిన 1.84 లక్షల కంటే ఎక్కువే. అందువల్ల తెలిసిన తప్పులన్నీ దిద్దినా తనిఖీలో నెగ్గడం ఖాయం కాదు. మేనేజరు దానిని దాచకుండా, తెలుసుకునే గడువుతో సహా రాశారు.

ఈ సరిపోలికకు ఒక పరిమితి ఉందని గమనించండి. ఒక వస్తువు విలువ 5 లక్షలు తక్కువగా, మరొకటి 5 లక్షలు ఎక్కువగా పడితే మొత్తంలో తేడా సున్నా. అయినా రెండు వస్తువుల లెక్కా తప్పే. కాబట్టి రెండవ తనిఖీలో మొత్తం విలువతో పాటు గోడౌన్‌ వారీగా, వస్తువు వారీగా కూడా సరిచూడాలి. నమూనా లేఖలో ఇది లేదు. మీరు రాసేటప్పుడు దానిని ఎలా చేరుస్తారో ఆలోచించండి.

*11.6.3 తేదీని ఎంచుకున్న తీరు*

పని ఎప్పటికి ముగుస్తుందన్న లెక్క ఒక్కదానితో తేదీ తేలదు. ఆడిట్, సీజను, పన్ను రిటర్నులు అనే మూడింటిని కూడా చూడాలి. జూలై 1 ఖాతాల దృష్టితో సులువైనా హెర్షీకి ఎదురైన పరిస్థితికే దారితీస్తుంది. జూన్ 1 తప్పితే మళ్లీ ఒక నెల వాయిదా అని కాకుండా నేరుగా అక్టోబరు 1 అనడానికీ కారణం అదే. ఈ మాట ముందే రాసి ఉండటం వల్ల, మే నెలాఖరులో తనిఖీ విఫలమైతే "ఇంకో రెండు వారాలు ఇస్తే చాలు" అనే ఒత్తిడికి తావు తగ్గుతుంది.

జూన్ 1కి కూడా ఖరీదు ఉంది. మే నెలకు నెలవారీగా వేసే జీఎస్టీఆర్-1 గడువు జూన్ 11, జీఎస్టీఆర్-3బి గడువు జూన్ 20. ఆ వివరాలన్నీ పాత వ్యవస్థలోనే ఉంటాయి. అలాగే జీఎస్టీ నిబంధనల ప్రకారం బిల్లు సంఖ్య వరుసగా, 16 అక్షరాలకు మించకుండా, ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకుండా ఉండాలి. కొత్త వ్యవస్థ మళ్లీ 1 నుండి అదే సీరీస్‌లో మొదలుపెడితే ఏప్రిల్‌లో వాడిన సంఖ్యలే జూన్‌లో మళ్లీ వస్తాయి. అందుకే వేరే సీరీస్ అన్నారు. ఏప్రిల్ 1న మారితే ఈ పని ఏదీ ఇంతగా ఉండేది కాదు. ప్రతిపాదించిన తేదీలోని ఇబ్బందులను కూడా రాస్తేనే బోర్డు సరిగా పోల్చి చూడగలదు.

*11.6.4 తనిఖీలు, బాధ్యత*

మూడు తనిఖీలలోనూ తేదీ, కొలవగల ఫలితం ఉన్నాయి. "డేటా శుద్ధి చాలావరకు పూర్తి" అనే ఫలితాన్ని ఎవరూ కొలవలేరు. "తేడా 0.1 శాతం లోపు" అనేదాన్ని ఎవరైనా కొలవవచ్చు. మొదటి తనిఖీలో గోడౌన్ మేనేజరు సంతకం అడగడానికి కారణముంది. పెట్టెలో ఎన్ని స్ట్రిప్పులున్నాయో, బ్యాచ్‌పై ముద్రించిన తేదీ ఏమిటో సరుకు దగ్గర ఉన్నవారికే తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ బృందం కార్యాలయంలో కూర్చుని దానిని ఊహించలేదు.

బోర్డును కోరిన మూడవ నిర్ణయం కూడా దీనికి సంబంధించినదే. 22 లక్షలు మంజూరైనా, గోడౌన్ ఉద్యోగులు రోజువారీ పంపకాల మధ్య తీరిక దొరికినప్పుడు మాత్రమే ఈ పని చూస్తే ఏప్రిల్ 20 గడువు తప్పుతుంది. లేఖలో అమలు సంస్థపై గాని, సిబ్బందిపై గాని నింద లేదని కూడా గమనించండి. ఒప్పందంలో జరిమానా అంశం ఉంటే దానిని న్యాయ సలహాతో విడిగా పరిశీలించాలి. దానిని ఈ లేఖలో కలిపితే సమావేశం తేదీని వదిలి తప్పెవరిదన్న చర్చలోకి వెళ్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పాత వ్యవస్థలో నిల్వ 12 కోట్లు, మాక్ లోడ్ తరువాత 11.97 కోట్లు. అనుమతించిన తేడా 0.1 శాతం. తనిఖీ నెగ్గినట్లా?
2. నమూనా లేఖలో జూలై 1ని ఎందుకు తిరస్కరించారు?

*జవాబులు:* 1. లేదు. తేడా 3 లక్షలు, అంటే 0.25 శాతం. అనుమతించినది 1.2 లక్షలు. 2. జ్వరాల మందులకు ఆర్డర్లు పెరిగే కాలం అప్పుడే మొదలవుతుంది. కొత్త వ్యవస్థలో లోపాలు సరిచేసుకునే మొదటి వారాలు ఆ రద్దీలో పడతాయి.

11.7 సారాంశం

ఈఆర్‌పీ గో-లైవ్ ఆలస్యానికి తరచుగా పాత సమాచారం కొత్త వ్యవస్థతో సరిపోలకపోవడమే కారణం. ఆ తేడాను రూపాయలలో, కారణాల వారీగా విడగొట్టి చెప్పాలి. తెలియని భాగాన్ని తెలియదనే రాయాలి. కొత్త తేదీని ఆడిట్, సీజను, పన్ను గడువులతో పోల్చి ఎంచుకోవాలి. దానికి ముందు కొలవగల తనిఖీలు పెట్టి, అవి తప్పితే ఏ తేదీకి వెళ్తారో ముందుగానే చెప్పాలి. చివరగా బోర్డు తీసుకోవాల్సిన నిర్ణయాలను విడివిడిగా అడగాలి.

11.8 ముఖ్య పదాలు

గో-లైవ్: పాత వ్యవస్థను ఆపి కొత్త వ్యవస్థలో లావాదేవీలు మొదలుపెట్టే రోజు.
మాక్ లోడ్: సమాచార మార్పిడిని గో-లైవ్‌కు ముందు ప్రయోగాత్మకంగా చేసి చూడటం.
సరిపోలిక: రెండు వ్యవస్థల మొత్తాలను పోల్చి తేడాకు కారణం కనుక్కోవడం.
బ్యాచ్: ఒకే విడతలో తయారై, ఒకే సంఖ్య, ఒకే ఎక్స్‌పైరీ తేదీ ఉన్న మందులు.

11.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. మాక్ లోడ్ అంటే ఏమిటి? మొత్తం విలువ సరిపోయినా వస్తువుల వారీగా ఎందుకు సరిచూడాలి?
2. ఆర్థిక సంవత్సరం మధ్యలో గో-లైవ్ చేస్తే బిల్లుల సంఖ్య, జీఎస్టీ రిటర్నుల విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు ఏమిటి?

II. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. హెర్షీ అనుభవం ఆధారంగా గో-లైవ్ తేదీకి, వ్యాపార సీజనుకు గల సంబంధాన్ని వివరించండి.
2. పాఠశాలలకు నోటు పుస్తకాలు సరఫరా చేసే ఒక సంస్థలో ఏప్రిల్ 1 గో-లైవ్ సాధ్యం కాలేదు. పాఠశాలలు జూన్‌లో తెరుస్తారు. కొత్త తేదీని, మూడు తనిఖీలను, బోర్డును కోరే నిర్ణయాలను చేర్చి లేఖ రాయండి.